కుజుడు ఎన్నో ఇంట?

కట్నం మాటలు, ఉద్యోగాల మాటలు అన్నీ అయిపోయాక ‘అమ్మాయికి కుజ దోషం ఉందట’ అన్న ఒక్క మాటతో సంబంధాలు ఆగిపోతున్నాయి. ఆ ఇంట్లో అప్పటి నుంచి మొదలయ్యే టెన్షన్ చిన్నది కాదు. జాతకం చూసుకోవడం మానేయమని మేము ఎవరికీ చెప్పడం లేదు. చూసేవాళ్లు పూర్తిగా చూడాలనే అడుగుతున్నాం.

దోషం లెక్క ఇది. మన ప్రాంతంలో ఎక్కువ మంది సిద్ధాంతులు చెప్పే శ్లోకం ‘ధనే వ్యయే చ పాతాళే’ అని మొదలవుతుంది. దాని ప్రకారం లగ్నం నుంచి, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి నుంచి, లెక్కిస్తే కుజుడు 2, 4, 7, 8, 12 స్థానాల్లో ఉంటే దోషం. ఉత్తరాదిలో అదే శ్లోకం ‘లగ్నే వ్యయే చ పాతాళే’ అని మొదలవుతుంది. అక్కడ 2 పోయి 1 వస్తుంది. లగ్నంలో కుజుడున్న అమ్మాయికి వారణాసిలో దోషం ఉంటుంది, విజయవాడలో ఉండదు.

పన్నెండు స్థానాల్లో ఐదు అంటేనే 100 మందిలో దాదాపు 42 మంది. చంద్రుడి నుంచి కూడా లెక్కిస్తే ఆ సంఖ్య సుమారు 66కు చేరుతుంది. శుక్రుడి నుంచి కూడా లెక్కించే పద్ధతి ఉంది. అప్పుడు 80 దాకా వెళుతుంది. కుజుడు ఏ స్థానంలోనైనా ఉండే అవకాశం సమానమనుకుని వేసిన లెక్క ఇది. మూడు చోట్ల నుంచీ చూస్తే దోషం లేని వాళ్లే తక్కువ. ఇంతమందికి వర్తించే మాటను భర్త ప్రాణానికి ముప్పు అని ఒక ఆడపిల్ల మీద పెట్టడం అన్యాయం. పైగా ఆ శ్లోకం రెండో సగం మగవాడి జాతకానికీ ఇదే ఫలితం చెబుతుంది. ఆ సగం పెళ్లిచూపుల్లో ఎందుకు వినిపించదు?

ఉదాహరణకు ఒక జాతకం తీసుకుందాం. కర్కాటక లగ్నం, చంద్రుడు కన్యలో, శుక్రుడు మీనంలో, కుజుడు మకరంలో ఉన్నారనుకుందాం. లగ్నం నుంచి లెక్కిస్తే కుజుడు ఏడో ఇంట, అంటే జీవిత భాగస్వామిని సూచించే కళత్ర స్థానంలో ఉన్నాడు. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. కానీ కన్య నుంచి చూస్తే మకరం ఐదోది, మీనం నుంచి చూస్తే పదకొండోది. రెండు చోట్లా దోషం లేదు. మకరం కుజుడికి ఉచ్చ రాశి, అంటే ఎక్కువ బలంగా ఉండే రాశి. కర్కాటక లగ్నానికి 5, 10 స్థానాలకు అధిపతిగా ఆయనే మేలు చేసే యోగకారకుడు. ఏడో ఇంట మకరంలో ఉన్న కుజుడికి దోషం లేదని సంప్రదాయమే మినహాయింపు ఇచ్చింది. ఏడో ఇల్లు లాంటి కేంద్ర స్థానంలో ఉచ్చలో ఉన్న కుజుడిని రుచక యోగం అని మెచ్చుకున్నదీ ఆ శాస్త్రమే. దోషం అన్న మాట విని వెనక్కి వెళ్లిన వాళ్లకు ఈ సగం ఎవరూ చెప్పలేదు.

ఇంకో చిక్కు పుట్టిన సమయం. కుజుడు ఒక రాశిలో సాధారణంగా నెలన్నర ఉంటాడు. లగ్నం మాత్రం సుమారు రెండు గంటలకోసారి మారిపోతుంది. అంటే ఆ నెలన్నరలో ఏ రోజు చూసినా దాదాపు పది గంటల పాటు పుట్టిన పిల్లలందరికీ లగ్నం నుంచి దోషం పడుతుంది. పైన చెప్పిన జాతకం ఉన్న అమ్మాయి కర్కాటక లగ్నం చివరి డిగ్రీల్లో పుట్టిందనుకోండి. పది నిమిషాల తేడాతో సింహ లగ్నం వస్తుంది, కుజుడు ఆరో ఇంటికి జరుగుతాడు, దోషమే ఉండదు. ప్రసవం హడావుడిలో ఆస్పత్రి గడియారం చూసి గుర్తుపెట్టుకున్న సమయం మీద ఇంత బరువు వేస్తున్నాం. ఈ సంగతి తెలిసే కొందరు తల్లిదండ్రులు టైం మార్చి జాతకం రాయిస్తున్నారు. ఇంకొందరు అరటి చెట్టుతో పెళ్లి చేయిస్తున్నారు. మోపిదేవిలో మొక్కుకుని మనసు కుదుటపడితే అది వారి భక్తి, దానికి మా అభ్యంతరం లేదు. భయం చూపించి వేలకు వేలు శాంతి ఖర్చు రాయించడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

కుజుడి స్థానం వల్ల భర్తో భార్యో చనిపోతారనడానికి ఆధారం లేదన్నది మా అభిప్రాయం. నమ్మకం ఉన్న కుటుంబాలు ఆ అభిప్రాయాన్ని పక్కన పెట్టినా, సిద్ధాంతి దగ్గర కాగితం మీద రాయించుకోవాల్సినవి ఉన్నాయి. దోషం ఏ స్థానం నుంచి లెక్కించారు, లగ్నం ఆ రాశిలో ఎన్నో డిగ్రీ దగ్గర ఉంది, మినహాయింపులు చూశారా లేదా అన్నవి. అబ్బాయి జాతకానికీ ఇదే లెక్క వేయించి, ఆ కాగితం అమ్మాయి వాళ్ల చేతిలో పెట్టాలి.