సవరణ: ఆర్1 విలువ 220 ఓమ్స్ కాదు, 1 కిలో ఓమ్

"ఫోటోలో ఉన్న సర్క్యూట్‌కి ఏయే పార్ట్స్ కావాలి? రెసిస్టర్లు ఎంత విలువవి పెట్టాలి?"

మొన్న ఇచ్చిన జవాబులో ఆర్1 తప్పు చెప్పాను. 220 ఓమ్స్ కొని ఉంటే దయచేసి అది పెట్టకండి, ఎల్ఈడీ కాలిపోవచ్చు.

ఆర్1 కింద రాసిన 2.2 వోల్టులను ఆ రెసిస్టర్ రెండు చివరల మధ్య వోల్టేజ్ అనుకున్నాను. ఫోటో పెద్దది చేసి చూస్తే ఆ అంకె పక్కనున్న చిన్న గీత ఆర్1, ఎల్ఈడీ కలిసే చుక్క దగ్గర ఆగింది. అంటే అది గ్రౌండ్ నుంచి ఆ చుక్క దాకా కొలిచిన వోల్టేజ్. ఎర్ర ఎల్ఈడీ 2 వోల్టులు, ట్రాన్సిస్టర్ 0.2 వోల్టులు కలిపితే సరిగ్గా అంతే వస్తుంది.

కాబట్టి 12 వోల్టుల సప్లైలో ఆర్1 మీద పడేది మిగిలిన 9.8 వోల్టులు. మీరు రాసిన 10 మిల్లీ ఆంపియర్ల కరెంటుకి:

```
R1 = (12 - 2.2) / 0.010 = 980
```

షాపులో దొరికేది 1 కిలో ఓమ్, పావు వాట్ చాలు. 220 ఓమ్స్ అయితే దాదాపు 45 మిల్లీ ఆంపియర్లు పారేవి. మామూలు ఎల్ఈడీ 20 వరకే తట్టుకుంటుంది.

నా పాత లెక్కలో మూడు వోల్టేజ్‌లు కూడితే 4.4 మాత్రమే వచ్చేది, సప్లై 12. అక్కడే పట్టుకోవాల్సింది.

మిగతా జాబితా మారలేదు: బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, ఎర్ర ఎల్ఈడీ ఒకటి, బేస్‌కి 4.7 కిలో ఓమ్స్. అక్కడి 5 వోల్టుల గుర్తు రెసిస్టర్‌కి ముందే ఉంది, బేస్ దగ్గర 0.7 ఉంటుంది. అందుకే బేస్ కరెంటు సుమారు 0.9 మిల్లీ ఆంపియర్లు.