ఇది రేటింగ్ కాదు (బోల్డ్ అక్షరాల్లో)

మా ఆఫీసులో ఆర్నెల్ల సమీక్ష ఫారం తెరవగానే మొదటి వరుసలో బోల్డ్ అక్షరాలతో "ఇది రేటింగ్ కాదు" అని ఉంటుంది. ఇంటి గేటుకి "ఇక్కడ కుక్క లేదు" అని బోర్డు పెట్టుకున్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు. అందుకే ఆ వరుస చదివిన ప్రతిసారీ కాళ్ళు కాస్త వెనక్కి తీసుకుంటాను.

కుక్క మూడో వరుసలో ఉంది. అక్కడొక డ్రాప్‌డౌన్: "అంచనాలకు మించి", "అంచనాల మేరకు", "అంచనాలకు కాస్త దిగువన". ఇది రేటింగే కదా అని కమిటీలో అడిగాను. రేటింగంటే అంకెలనీ, ఇవి మాటలనీ తేల్చారు. మళ్ళీ అడిగితే మాటలు తీసేసి రంగులు పెట్టారు. ఇంకోసారి గట్టిగా అడిగితే రంగులు తీసేసి మూడు మొహాలు పెట్టారు: నవ్వేది, నవ్వనిది, ఏడవబోయేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడంలో మా కమిటీకి సాటి లేదు.

నేనూ తక్కువవాణ్ణి కాదు. మా టీమ్‌లో ఒకావిడ లక్ష్యం, కస్టమర్ ఫిర్యాదుకి మొదటి జవాబు వెళ్ళే సమయాన్ని డిసెంబరుకల్లా 48 గంటల నుంచి 24కి తేవడం. జూన్‌లో ఆమె ఫారంలో డ్రాప్‌డౌన్ జోలికి పోకుండా, ఎంతో ఉదారంగా, "మంచి పురోగతి. ఇంకాస్త చొరవ చూపాలి" అని రాశాను. చదివి అడిగింది: "సార్, చొరవంటే ఎన్ని గంటలండీ?"

నా దగ్గర జవాబు లేదు. మొహం బొమ్మ పెట్టకుండానే మార్కులేశానన్నమాట. "మంచి" ఒక మార్కు, "ఇంకాస్త" దాంట్లో కోత.

ఇద్దరం కూర్చుని మళ్ళీ రాశాం. ముందు ఆమే రాసింది, నేను దిద్దాను. ఈ వరసే సరైనదని తర్వాత తెలిసింది. మేనేజర్ ముందు రాస్తే అది తీర్పవుతుంది, అవతలివాళ్ళు చేసేది అప్పీలే. పురోగతి గడిలో విశేషణాలన్నీ కొట్టేశాక మిగిలింది ఇది: "సగటు 48 నుంచి 36 గంటలకు వచ్చింది. తగ్గింది ఈమెయిల్ ఫిర్యాదుల్లో. ఫోన్ ఫిర్యాదులు కదల్లేదు." చొరవ గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్ సంగతి మాత్రం దాచలేదు. రేటింగ్ వద్దన్నాం కదా అని వెనకబడ్డ పనిని మెత్తటి మాటల్లో చుట్టి పెడితే, ఆ మూట డిసెంబరులో ఆమె నెత్తినే పడుతుంది.

అడ్డంకుల గడిలో మా సంప్రదాయం ప్రకారం "ఇతర విభాగాల సహకారం అవసరం" అని రాయాలి. దానర్థం ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదని. ఆవిడ ఇలా రాసింది: "ఫోన్ ఫిర్యాదుల పాత రికార్డు చూసే పర్మిషన్ మార్చి మొదటి వారంలో అడిగాను, రాలేదు. ఇప్పించాల్సింది మేనేజర్. గడువు జూలై 15." ఆ మేనేజర్ని నేనే. అడ్డంకి పక్కన ఒక మనిషి, ఒక తేదీ పడగానే నా బీపీ కాస్త పెరిగింది. పర్మిషన్ మాత్రం జూలై 9నే వచ్చింది.

అసలు కిటుకంతా మూడో గడిలో ఉంది. ఫోన్ ఫిర్యాదుల గడువు వచ్చే మార్చికి జరిపాం, ఈమెయిల్ లక్ష్యం డిసెంబరుకే ఉంచాం. ఇది మాట్లాడుకుని టీ తాగి లేచిపోతే చాలదు. సిస్టంలో పాత లక్ష్యం అలాగే కూర్చుని ఉంటుంది, ఏడాది చివర దాంతోనే కొలుస్తారు. అందుకని పాత వాక్యం, కొత్త వాక్యం, మార్చిన కారణం, ఒప్పుకున్న ఇద్దరి పేర్లు పక్కపక్కనే పెట్టాం. "లక్ష్యం తగ్గించారు" అని ఎవరైనా ఎత్తిచూపితే, పర్మిషన్ నాలుగు నెలలు ఆగిందన్న కారణం ఆ వరుసలోనే ఉంటుంది.

పంపేముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. టీమ్‌లో ఇద్దరి ఫారాలు పేర్లు తీసేసి పక్కపక్కన పెడితే ఎవరు ఫస్టో చెప్పగలిగితే ఎక్కడో మార్కు దాక్కుందని లెక్క. రెండు ఫారాల్లోనూ గంటలు, తేదీలు, పర్మిషన్లే కనిపించాయి. ఎవరు ఫస్టో తేల్చలేకపోయాను.

సిస్టం మాత్రం ఒప్పుకోలేదు. మొహం ఎంచుకోకపోయినా పర్లేదట, "మొత్తం మీద అభిప్రాయం" గడి మాత్రం ఖాళీగా వదలకూడదట. అందులో ఒక చుక్క పెట్టాను. తీసుకుంది.

మర్నాడు హెచ్ఆర్ నుంచి మెయిల్: "మీ టీమ్‌లో మిగతావారితో పోలిస్తే ఈమె గురించి మీ అభిప్రాయం బాగా చిన్నదిగా ఉంది. పనితీరులో ఏదైనా సమస్యా?"