ఆరు ఎయిర్ ఛేంజీలతో ఏట్రియం పొగ ఆగదు

"ఏట్రియం స్మోక్ ఫ్యాన్‌కి పెద్ద లెక్కలేం అక్కర్లేదు సార్. వాల్యూమ్ ఇంటూ ఆరు ఎయిర్ ఛేంజీలు, అంతే. స్ప్రింక్లర్లు ఎలాగూ ఉంటాయి, మంట పెరగదు. మేకప్ ఎయిర్‌కి మెయిన్ డోర్లు చాలు. ఇంకా డౌట్ ఉంటే ఫ్యాన్ ఒక సైజు పెంచుకోండి, సేఫ్."

ఈ మెసేజ్ విశాఖలో బిల్డింగ్ సర్వీసుల పని చేసేవాళ్ల ఫోన్లలో చాలాకాలంగా తిరుగుతోంది. నాకు ఇప్పటికి ముగ్గురు పంపారు. వాళ్లలో ఒకాయన దీని ప్రకారమే ఫ్యాన్లకు ఆర్డర్ పెట్టబోతున్నాడు.

ఒక మాల్ లెక్క వేసి చూద్దాం. ఏట్రియం అంటే అంతస్తుల మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా తెరిచి ఉంచే హాలు. దాని నేల 30 మీటర్లు ఇంటూ 20, పైకప్పు 18 మీటర్ల ఎత్తు. నాలుగేసి మీటర్లకు ఒక అంతస్తు, అన్నిటికీ ఏట్రియం వైపు తెరిచి ఉన్న కారిడార్లే. చివరి కారిడార్ 12 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి మనిషి తల పొగలో మునగకూడదంటే పొగ పొర అడుగు 14 మీటర్ల దగ్గర ఆగాలి. మంట అంటారా, పండగ స్కీములో లక్కీ డ్రా కోసం ఏట్రియం మధ్యలో కారు పెడతారు కదా, అదే అంటుకుందనుకోండి. 5 మెగావాట్లు అనుకుందాం.

ఈ ఏట్రియం వాల్యూమ్ 10,800 ఘనపు మీటర్లు. ఆరు ఎయిర్ ఛేంజీలంటే గంటకు ఆరుసార్లు హాల్లో గాలంతా మార్చడం, ఆ లెక్కన సెకనుకు 18 ఘనపు మీటర్ల ఫ్యాన్ వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మంట నుంచి పొగ ఎంత పుడుతుందన్నది హాలు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉండదు. పైకి లేచే వేడి పొగ, అంటే ప్లూమ్, దారి పొడుగునా చుట్టూ ఉన్న మంచి గాలిని తనలోకి లాక్కుంటుంది. ఎంత ఎత్తుకు పోతే అంత లావవుతుంది. పైన పేరుకునే దాంట్లో చాలావరకు ఇలా కలిసిన గాలే. పొగ నియంత్రణకు అమెరికా ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 92లో దానికి ఇచ్చిన సూత్రం ఇది:

```
m = 0.071 × Qc^(1/3) × z^(5/3) + 0.0018 × Qc
```

ఇందులో m అంటే సెకనుకు ఎన్ని కిలోల పొగ అన్నది. Qc అంటే గాలితో పైకి పోయే వేడి, మొత్తం మంటలో 70 శాతం, అంటే మనకు 3,500 కిలోవాట్లు. z అంటే మంట అడుగు నుంచి పొగ పొర అడుగు దాకా ఎత్తు, 14 మీటర్లు. ఈ సూత్రం మంట కొసకు పైన మాత్రమే వాడాలి. ఇక్కడ ఆ కొస నాలుగున్నర మీటర్ల లోపే ఉంటుంది, కాబట్టి ఇబ్బంది లేదు. లెక్క కడితే సెకనుకు 94 కిలోల పొగ. లోపల 25 డిగ్రీలు ఉంటే ఈ పొగ 62 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే సెకనుకు దాదాపు 90 ఘనపు మీటర్లు. మెసేజ్ చెప్పినదానికి అయిదు రెట్లు. 18 ఘనపు మీటర్ల ఫ్యాన్‌తోనే సరిపెడితే, పొర కిందికి దిగుతూ దిగుతూ నేల మీద నిలబడ్డవాడి నెత్తి దగ్గరికి వచ్చి గానీ ఆగదు. పై మూడు కారిడార్లూ పొగలోనే.

ఇదే ఎత్తులో రెట్టింపు విస్తీర్ణమున్న హాలైతే ఆరు ఎయిర్ ఛేంజీల లెక్క ఫ్యాన్‌ని రెట్టింపు చేస్తుంది. కానీ ప్లూమ్ అదే, పొగ అదే. పెద్ద హాల్లో పొగ నిండడానికి టైం ఎక్కువ పడుతుంది, అంతవరకే తేడా.

స్ప్రింక్లర్ల సంగతి త్వరగా తేల్చేద్దాం. 18 మీటర్ల పైకప్పు కింద 5 మెగావాట్ల మంట వేడి మొదట్లో 40 డిగ్రీలే పెరుగుతుంది. 25కి 40 కలిపితే 65. మామూలు స్ప్రింక్లర్ బల్బు పగిలేది 68 దగ్గర. కారు కాలిపోతూ ఉంటుంది, పైన బల్బు ఇంకా చెక్కుచెదరకుండానే ఉంటుంది.

ఇక మేకప్ ఎయిర్, అంటే ఫ్యాన్లు బయటికి పంపే పొగకు బదులుగా లోపలికి రావాల్సిన గాలి. ఎక్కువమంది దెబ్బతినేది దీని దగ్గరే. సెకనుకు 94 కిలోలు బయటికి పంపుతుంటే అందులో 90 శాతమైనా కింద నుంచి రావాలి, మిగతాది సందుల్లోంచి వస్తుంది. అంటే సెకనుకు 72 ఘనపు మీటర్ల బయటి గాలి. ఆ గాలి ప్లూమ్‌ని తాకేచోట వేగం సెకనుకు 1.02 మీటర్లు దాటకూడదు. దాటితే మంట పక్కకు వాలుతుంది, ప్లూమ్ మనం లెక్కేసిన దానికంటే ఎక్కువ గాలి లాక్కుంటుంది, 90 చాలకుండా పోతుంది. ఆ వేగానికి 70 చదరపు మీటర్ల పైచిలుకు ఖాళీ కావాలి. మెయిన్ డోర్లన్నీ బార్లా తెరిచినా 6 మీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తు, అంటే 15 చదరపు మీటర్లే. గాలి సెకనుకు దాదాపు 5 మీటర్ల వేగంతో నేరుగా కారు మీదికి కొడుతుంది. ఆ డోర్లు బీచ్ వైపు ఉంటే మధ్యాహ్నం సముద్రపు గాలి దానికి తోడు. లూవర్లు, అంటే గాలి వచ్చే రెక్కల కిటికీలు, పెడదామంటే, సగం మేర రెక్కలే ఉండే లూవర్‌కి గోడ మీద 140 చదరపు మీటర్లకు పైగా చోటు కావాలి. అందుకే దీన్ని రెండు మూడు దిక్కులకు పంచాలి, అన్నీ పొగ పొరకు బాగా కిందే ఉండాలి.

ఇక్కడి ఒక కొత్త బిల్డింగ్‌లో ట్రయల్ రన్ నాడు నేను చూసింది చెబుతాను. సముద్రం వైపు లూవర్ల మోటార్లు ఉప్పుగాలికి పట్టేసి, కంట్రోల్ ప్యానెల్‌లో 'ఓపెన్' అని చూపిస్తూనే మూసుకుని ఉన్నాయి. నాలుగు ఫ్యాన్లూ అందుకున్నాయి. బయటికి తెరుచుకునే గాజు తలుపుని సెక్యూరిటీ అతను మొదట చేత్తో తోశాడు, తర్వాత భుజం ఆనించి తోశాడు, కదల్లేదు. "లాక్ పడిందేమో సార్" అన్నాడు. ఫ్యాన్లు ఆపగానే తలుపు ఒక్కసారిగా తెరుచుకుని అతను మెట్ల మీదికి తూలాడు. లాక్ లేదు, ఏమీ లేదు, లోపల తగ్గిన ఒత్తిడే ఆ తలుపుని పట్టుకుంది. అప్పటినుంచి ప్యానెల్‌ని నమ్మడం మానేశాను. ప్రతి లూవర్ దగ్గరికీ నడిచి వెళ్లి చూస్తాను, మంట ఉంటుందనుకున్న చోట మోకాలి ఎత్తున ఎనిమోమీటర్ పట్టుకుని వేగం కొలుస్తాను.

ఫ్యాన్ ఒక సైజు పెంచితే సేఫ్ అన్నది మిగిలింది. పొగ పొర మందం మనకు 4 మీటర్లే. ఒకే నోటితో మరీ ఎక్కువ లాగితే, స్ట్రాతో పైన మీగడ పీలుస్తుంటే కింది పాలు వచ్చినట్టు, పొరకు చిల్లి పడి కింది మంచి గాలి పోతుంది, పొగ అలాగే ఉంటుంది. దీన్నే ప్లగ్‌హోలింగ్ అంటారు. పైకప్పుకు మధ్యలో, గోడలకు దూరంగా ఉన్న ఒక్కో నోటికి ఈ కేసులో హద్దు దాదాపు 33 ఘనపు మీటర్లు. కాబట్టి 90ని నాలుగు నోళ్లకు పంచితే తలా ఇరవై రెండున్నర, హాయిగా సరిపోతుంది. పైకప్పు మీద చోటు లేదని అదే ఫ్యాన్‌ని పక్క గోడకు, 16 మీటర్ల ఎత్తులో పెట్టారనుకోండి. నోటి కింద పొగ రెండు మీటర్లే ఉంటుంది, హద్దు ఒక్కసారిగా 3 ఘనపు మీటర్లకు పడిపోతుంది. అక్కడ సైజు పెంచినకొద్దీ లాగేది మంచి గాలినే.

ఫ్యాన్లకు ఆర్డర్ పెట్టబోతున్న ఆయనకు నేను చెప్పింది వేరు. చివరి అంతస్తు కారిడార్‌ని పొగ చొరబడని గాజుతో పూర్తిగా మూసేయమన్నాను. అప్పుడు కాపాడాల్సిన కారిడార్ 8 మీటర్లది, పొర అడుగు 10 మీటర్ల దగ్గర ఉన్నా చాలు. పొగ 94 కిలోల నుంచి 56కి, ఫ్యాన్లు 90 ఘనపు మీటర్ల నుంచి దాదాపు 57కి, మేకప్ ఎయిర్ ఖాళీ దాదాపు 42 చదరపు మీటర్లకు దిగుతాయి. గాజు ఖర్చెంతో, తగ్గే ఫ్యాన్లూ కేబుళ్లూ జనరేటర్ ఖర్చెంతో పక్కపక్కన రాసి చూస్తానన్నాడు. ఆర్డర్ మాత్రం ఇంకా పెట్టలేదు.