దించుకోవాలా, ఎక్కించుకోవాలా?

మా ఇ-పేపరు పేజీలో ఒక మీట ఉంది. దాని మీద ‘డౌన్‌లోడ్’ అని ఉంటుంది. ఇదే చెన్నైలో తమిళ పత్రికలు ‘పదివిరక్కం’ అని రాసుకుంటుంటే మీకేం వచ్చిందని వ్యాసర్పాడి పాఠకుడొకరు ఉత్తరం రాసి నిలదీశారు. అడగవలసిన మాటే అడిగారు. తీరా బదులు రాద్దామని కూర్చుంటే అది చాలా దూరం పోయింది.

ముందు ఆ తమిళ మాటనే విప్పి చూద్దాం. పదివు అంటే నమోదు, ఇరక్కం అంటే దిగడం. ఇంగ్లీషు మాటలోని ‘కిందికి’ అనే ఊహను ఉంచుకుని, ‘బరువు’ను వదిలేసి, ఆ చోట నమోదును కూర్చోబెట్టారు. సగం అనువాదం, సగం సొంత సరుకు. ముందు ఆ పదివు లేకపోతే మాట హార్బరు వైపు లాగుతుంది. ఇరక్కుమది అంటే దిగుమతి మరి. మన ఇబ్బందీ అదే. దిగుమతి అనే మాట ఓడలకూ సరుకులకూ ఎప్పుడో రాసిచ్చేశాం.

ఇలాంటప్పుడు తెలుగు పండితుల చెయ్యి అలవాటుగా సంస్కృతం వైపు పోతుంది. ఇంటర్ అంటే అంతర్, నెట్ అంటే జాలం, రెండూ కలిపితే అంతర్జాలం. సమాసం నిక్షేపంలా ఉంది, సంపాదకీయాల్లో మేమూ వాడుతుంటాం. కానీ ఇంటికెళ్లి ‘నెట్ రావట్లేదు’ అనే అంటాం. పేరుకైతే ఇలా ముక్కకు ముక్క అతికించి నెట్టుకురావచ్చు. దించడం పని. పనికి క్రియ కావాలి, అది కాలాన్ని బట్టి, మనిషిని బట్టి మారాలి. ‘డౌన్‌లోడ్’ మన నోట ఇంతగా నిలవడానికి కారణం కూడా అదే. పక్కన ‘చెయ్యి’, ‘అవు’ తగిలిస్తే చాలు, ఏ పరాయి మాటైనా తెలుగు క్రియ అయిపోతుంది.

మరి మన క్రియకేం తక్కువ? దిగు. దానికి ప్రేరణార్థకం దించు. తన కోసం చేసే పనైతే దించుకొను. దాన్ని నామవాచకం చేస్తే దించుకోలు. వీడుకోలు, వేడుకోలు అచ్చం ఇలా పుట్టినవే. ఒక్క ధాతువులోంచి ఎన్ని పనులు జరుగుతున్నాయో చూడండి. ఫైలు దిగుతోంది, దిగింది, సగంలో ఆగి దిగలేదు. నా కోసం దించుకున్నాను, నీ కోసం దించి పెట్టాను. ఈ చివరి తేడా చెప్పడానికి ఇంగ్లీషుకు మరో రెండు మాటలు అదనంగా కావాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో వచ్చింది.

మెమరీ కార్డుల కాలంలో అక్కడి కొట్లలో రోజూ వినబడిన తెలుగు మాట ఒకటుంది: ‘అన్నా, ఈ కార్డులో కొత్త పాటలెక్కించు.’ ఎవరూ నేర్పలేదు, ఏ నిఘంటువూ ఇవ్వలేదు. బండికి సరుకెక్కించినట్టు ఫోనుకు పాట ఎక్కుతుంది, ఛార్జింగ్ కూడా అలాగే ఎక్కుతుంది. ఫోను మన చేతిలో ఉంది కాబట్టి అందులోకి వచ్చేదంతా ఎక్కేదే. తెలుగు వికీపీడియాలో మాత్రం ‘ఎక్కింపు’ అంటే అప్‌లోడ్, అంటే మన దగ్గర్నుంచి అటు పోయేది. ఒకటే క్రియ, రెండు ఎదురెదురు దారులు.

మాట్లాడేటప్పుడు ఈ గొడవ లేదు. ‘ఫోన్లోకి’ అంటే ఒక దారి, ‘సైటులోకి’ అంటే మరో దారి. దారి చూపేది విభక్తి. మీట మీద విభక్తికి చోటెక్కడిది? అక్కడ పట్టేది ఒక్క మాట. కాగితం మీద దివ్యంగా కనిపించిన పదం తెర మీద తడబడేది ఇక్కడే. కొత్త మాట కట్టేవారు వ్యాకరణం సరిచూసుకుని ఊరుకుంటున్నారు. ఆ మాటను ఒంటరిగా ఒక మీట మీద రాసి, పక్కింటావిడకు చూపించి, ‘ఇది నొక్కితే ఏమవుతుందమ్మా?’ అని అడగడం లేదు. ఆమె రెండు క్షణాలు ఆలోచించిందంటే మాట ఇంకా కుదరలేదన్నమాట.

మర్యాద సంగతి కూడా ఉంది. ‘దించు’ అని రాస్తే మనిషి యంత్రాన్ని ఆజ్ఞాపించినట్టు, ‘దించుకోండి’ అని రాస్తే పత్రిక పాఠకుణ్ని ఆహ్వానించినట్టు. మాకు రెండోదే నచ్చింది. ఇక దించుకోలును వార్తల్లో వాడతాం గానీ మీట మీద పెట్టం. అక్కడ కావలసింది పేరు కాదు, పిలుపు.

కాబట్టి వచ్చే ఆదివారం నుంచి ఇ-పేపరు మీట మీద ‘దించుకోండి’ అని ఉంటుంది. పాఠకుల ఫొటోల పేజీలో ఇప్పుడున్న ‘అప్‌లోడ్’ను తీసేసి ‘ఎక్కించండి’ అని రాద్దామని మొదట అనుకున్నాం. రిచ్చీ స్ట్రీట్ గుర్తొచ్చి మానుకున్నాం. అక్కడ ‘ఫొటో పంపండి’ అని రాస్తున్నాం.