ట్యాక్స్ ఎంత అంటారు, ఏ ఏడాదో చెప్పరు

రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో మా అన్న కొడుకు: "బాబాయ్, నాకు ట్యాక్స్ ఎంత పడుతుంది?" వెనకాలే మూడు ఎల్‌ఐసీ రసీదుల ఫొటోలు. ఆదాయం ఎంతో లేదు, ఏ ఏడాదో లేదు. ఎప్పుడూ ఇంతే, చివర్లో కావాల్సినవి ముందు పంపిస్తారు!

జీతం అడిగితే 12 లక్షల 75 వేలన్నాడు. ఏ ఏడాది? "2025-26." అది ఆర్థిక సంవత్సరమా, అసెస్‌మెంట్ ఇయరా? "రెండూ ఒకటే కదా" అన్నాడు. కాదు నాయనా. అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అంటే 2024-25లో సంపాదించింది. కొత్త రెజీమ్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12 లక్షలు మిగులుతాయి. అప్పటి శ్లాబుల్లో దానికి పన్ను 80,000, సెస్‌తో 83,200. అదే జీతం ఆర్థిక సంవత్సరం 2025-26లో వచ్చిందనుకో, పన్ను 60,000 తేలుతుంది కానీ పన్ను మాఫీ చేసే 87ఏ రిబేటులో మొత్తం పోతుంది. కట్టేది సున్నా. అందుకే నేను ముందు అడిగేది ఏడాదే.

వీడిది ఆర్థిక సంవత్సరమేనట. సున్నా అనగానే సంబరపడి, "సెప్టెంబర్ 15న దుబాయ్ వచ్చేశాను కదా, ఇది అప్పటిదాకా వచ్చిన జీతం" అన్నాడు. ఈ ముక్క ముందు చెప్పొద్దూ! ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే ఇండియాలో ఉన్నది 168 రోజులు. ఉద్యోగం కోసం దేశం వదిలిన మన పౌరుడు ఆ ఏడాది 182 రోజులకు తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్. దుబాయ్ జీతం ఇక్కడి లెక్కలోకి రాదు, మంచిదే. కానీ 87ఏ రిబేటు రెసిడెంట్లకే. కాబట్టి 60,000, సెస్ 2,400, మొత్తం 62,400 కట్టాల్సిందే. పాస్‌పోర్టు మీద స్టాంపు తేదీ ఎల్‌ఐసీ రసీదు కంటే ముందు చూడాల్సిన కాగితం.

ఆ తర్వాత, వచ్చింది ఏ రకం డబ్బు అన్నది. మా పక్కింటావిడకి అదే ఏడాది అన్నీ తీసేశాక జీతం 11 లక్షలు, ఏడాదిలోపే అమ్మిన లిస్టెడ్ షేర్ల మీద లాభం లక్ష. "మొత్తం 12 లక్షలే, సున్నా కదా" అని ధీమాగా ఉంది. జీతం మీది పన్ను రిబేటులో పోయింది, నిజమే. షేర్ల లాభానికి ఆ రిబేటు వర్తించదు. 20 శాతం చొప్పున, సెస్‌తో 20,800 కట్టమంటే నామీదే అలిగింది.

మావాడు చివరికి, "మరి ఆ రసీదులు?" అన్నాడు. కొత్త రెజీమ్‌లో ఎల్‌ఐసీ ప్రీమియంలాంటి వాటికి మినహాయింపు ఇచ్చే 80సీ లేదు. వాడి తృప్తి కోసం పాత రెజీమ్‌లో కూడా లెక్కేశాను: స్టాండర్డ్ డిడక్షన్ 50,000, రసీదుల కింద పూర్తిగా లక్షన్నర తీసేసినా పన్ను 1,40,400. అది చూసి ఫొటోలు వాడే డిలీట్ చేసుకున్నాడు.