చుక్క తెచ్చిన చిక్కు

మా తమ్ముడు పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థలో ప్రూఫులు దిద్దుతాడు. వాక్యం చివర ఫుల్‌స్టాప్ కనిపించకపోతే వాడికి ముద్ద దిగదు. పాలు పోసే అతనికి పంపే మెసేజ్ కూడా “రేపు అర లీటరు చాలు.” అని చుక్కతోనే ముగుస్తుంది. ఇంట్లో మాకు అలవాటైపోయి ఎవరమూ పట్టించుకోలేదు. పెళ్లిచూపులంటే ఆమడ దూరం పారిపోయే మనిషి ఈమధ్య డేటింగ్ యాప్‌లో చేరాడు. అక్కడ ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయితో పరిచయమై, మాటలు వాట్సాప్ దాకా వచ్చి, “మీరు” కాస్తా “నువ్వు” అయ్యాక, ఆ చుక్క తన ప్రతాపం చూపింది.

ఆ అమ్మాయి రాసే తీరు వేరు. ఒక్క వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు మెసేజ్‌లుగా పంపుతుంది. చుక్కలు, కామాలు ఉండవు. ముక్క పూర్తయిందనడానికి పంపేయడమే గుర్తు. ఆ రోజు ఇలా వచ్చింది:

“రేపు కుదిరేలా లేదు”
“డ్యూటీ మార్చేశారు”
“చాలా సారీ”
“ఆదివారం కలుద్దామా 🥺”

మావాడు ఫోను చూసి మురిసిపోయాడు. వద్దనలేదు, ఆదివారం అంది, అంతకంటే ఏం కావాలి? ఆ ఆనందంలోనే జవాబిచ్చాడు: “సరే.”

అవతల నుంచి కాసేపటికి “కోపం వచ్చిందా” అని వచ్చింది. “లేదు.” అన్నాడు. “సరే 🙂” అని వచ్చింది. ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, “చూడక్కా, ఎంత బాగా నవ్విందో” అని చూపించాడు.

నేను చూసేలోపే పదో తరగతి చదివే మా అమ్మాయి మెడ చాచి చూసింది. “మామయ్యా, అది నవ్వు కాదు” అంది.

“మరేమిటి? బొమ్మలో పెదవులు పైకే ఉన్నాయి కదా?”

“పెదవులే ఉన్నాయి. కళ్లు చూడు, కదలవు. అయినా బొమ్మను చూసి చెప్పకూడదు. పైకి జరుపు.”

పాత మెసేజ్‌లన్నీ వరసగా పైకి జరిపించింది. మేనకోడలికి తన ప్రేమాయణం చూపించాల్సి వచ్చిందని మావాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ అమ్మాయి నవ్వు వచ్చినప్పుడల్లా 😂 పెట్టింది, అదీ ఒకటి కాదు, మూడేసి. బతిమాలేటప్పుడు 🥺. ఈ 🙂 ఎక్కడా లేదు. ఇవాళే మొదటిసారి దిగింది. “ఎప్పుడూ వాడనిది ఉన్నట్టుండి వాడిందంటే ఏదో అయిందన్నమాట. మా క్లాసులో సోషల్ టీచర్ పేపర్లు ఇచ్చేటప్పుడు పెట్టే మొహం ఇదే” అని తీర్పు చెప్పి వెళ్లిపోయింది.

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. మా అమ్మాయి పది నిమిషాల్లో తేల్చిన సంగతి చెప్పడానికి నాకైతే ఒక పీరియడ్ పట్టేది. బొమ్మకూ చుక్కకూ వాటంతట వాటికి స్థిరమైన భావం ఉండదు. ఆ మనిషి మామూలుగా ఎలా రాస్తుందో, అందులోంచి ఇవాళ ఎంత పక్కకు జరిగిందో దాన్ని బట్టి చదువుకోవాలి. మా తమ్ముడి చుక్కలోనూ కోపం లేదు. వాడు “శుభరాత్రి.” అన్నా, “నీ ఫోటో చాలా బాగుంది.” అన్నా చుక్క పెట్టాడు. అవేవీ ఆ అమ్మాయిని గుచ్చుకోలేదు. ఇదొక్కటే గుచ్చుకోవడానికి కారణం ఉంది. కాగితం మీద వాక్యం అయిపోయిందని చెప్పడానికి చుక్క కావాలి. చాట్‌లో ఆ పని పంపే బటనే చేసేస్తుంది. అవసరం లేని చోట చుక్క కనబడితే, ఇదెందుకు పెట్టాడా అని మనసు వెతుకుతుంది. పెద్ద వాక్యం చివర అయితే అంతగా కనపడదు. ఒంటరి “సరే” పక్కన కూర్చుంటే, అదీ కలుస్తానన్న మాట తప్పి బెరుకుగా ఎదురుచూస్తున్న మనిషికి కనబడితే, తలుపు ధడాలున వేసినట్టే ఉంటుంది. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో సరిగ్గా ఇలాంటి ఒంటిమాట జవాబులనే విద్యార్థుల చేత చదివించారు. చుక్క ఉన్న జవాబులు మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు లేవన్నారు. అవే జవాబులు చేత్తో రాసిన చీటీల మీద చూపిస్తే మాత్రం ఆ తేడా రాలేదు.

ఇదంతా నేను చెప్పి ముగించేలోపు మావాడు అగ్నిమాపక చర్యలకు దిగేశాడు. “నాకు కోపం లేదండీ. దయచేసి నమ్మండి. క్షమించండి. 🙏” అని పంపి వచ్చి, “సరిచేశాను” అన్నాడు.

చదివి నాకు నోట మాట రాలేదు. చుక్కలు మూడు కొత్తగా చేరాయి, సరే. అసలు ఘోరం ఆ “అండీ”. ఎన్నో రోజులు తంటాలు పడి “మీరు” నుంచి “నువ్వు”కి దిగిన మనుషులు మళ్లీ “మీరు” మెట్టెక్కారంటే, తెలుగులో దానికి మించిన కోపం గుర్తు ఏ ఫోనులోనూ లేదు. మా అమ్మ నాన్నగారి మీద అలిగితే ఇంతే, “వారికి కాఫీ కావాలేమో కనుక్కో” అని మాతో కబురు చేసేది. ఇక ఆ నమస్కారం ఒకటి. అది కృతజ్ఞతకూ పనికొస్తుంది, ప్రార్థనకూ పనికొస్తుంది. అయితే తెలుగువాళ్ల చాట్‌లో, “మహాతల్లీ, నీకో దండం, ఇక వదిలేయ్” అనడానికి కూడా అదే. “అండీ” పక్కన పెడితే ఏ అర్థం వస్తుందో చెప్పనక్కర్లేదు.

అవతల నీలం గీతలు పడ్డాయి. కొంతసేపటికి “పర్లేదండీ” అని వచ్చింది. ఆ “అండీ” చూసి మావాడు గౌరవం దక్కిందనుకున్నాడు. వేలు చాచి దానికి 👍 కొట్టేశాడు.

కెనడాలో సస్కాచెవాన్ అనే చోట ఒక రైతు, అవిసెల కొనుగోలు ఒప్పందం ఫోటోను ధాన్యం కొనేవాళ్లు పంపితే, దానికి ఇలాగే ఒక 👍 పెట్టాడు. పంట ఇవ్వలేదు. చూశానని మాత్రమే పెట్టానన్నాడు. అది సంతకంతో సమానమేనని 2023లో అక్కడి న్యాయస్థానం తేల్చి, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. చూశాననడానికీ ఒప్పుకున్నాననడానికీ మధ్య తేడా కోర్టు దాకా పోయిందంటే, “పర్లేదండీ” అన్న అమ్మాయికి పెట్టిన బొటనవేలుకు ఎన్ని అర్థాలైనా తీయవచ్చు. “విషయం అందింది, ఫైలు మూసేస్తున్నాం” అన్నది వాటిలో ముందుంటుంది. మావాడికి ఈ కేసు చెబితే, “అవిసెలకూ ప్రేమకూ ఏమిటి సంబంధం?” అన్నాడు.

“రాస్తే వచ్చిన తంటా కాబట్టి మాట్లాడితే పోతుంది” అని తర్వాత వాడికే తోచింది. ఆలోచన తప్పు కాదు. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో జనం చేత కొన్ని వాక్యాలు నిజంగానూ, కొన్ని వెటకారంగానూ పంపించారు. ఐదింట నాలుగు సరిగ్గా అర్థమవుతాయని పంపినవాళ్లు ధీమాగా ఉన్నారు. ఈమెయిల్లో చదివినవాళ్లు బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే కాస్త మెరుగ్గా మాత్రమే పట్టుకోగలిగారు. గొంతు విన్నవాళ్లు మాత్రం దాదాపు నాలుగింట మూడు పట్టేశారు. అంచేత వాయిస్ నోట్ మంచి మందే. మోతాదు, వేళ చూసుకోవాలి.

మావాడు దాన్ని ఆఫీసు నుంచి వస్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బైకు మీద రికార్డు చేశాడు. మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు. చుట్టూ హారన్లు, వాటిని మించాలని వాడి అరుపు. “నాకు కోపం లేదు! వినబడుతోందా? కోపం లేదు!” అన్నది ఆ గొంతులో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మధ్యలో ఎవరో ఆటో అడ్డం పెడితే, “కళ్లు కనబడటం లేదా?” అన్నది కూడా అందులోకే వెళ్లింది. మైకు మీద వేలు నొక్కిపట్టి మాట్లాడి, సిగ్నల్ పడగానే వదిలేశాడు. వదిలితే వెళ్లిపోతుంది. వేలిని పైకి జరిపి తాళం వేసుకుంటే, ఆపి, ఒకసారి మనమే విని, నచ్చకపోతే చెరిపేయవచ్చు. మావాడికి ఆ తాళం సంగతి ఇంటికొచ్చాక మా అమ్మాయి చెప్పింది.

అటువైపు జరిగింది మాకు తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి రాత్రి అన్నానికి కూర్చుని, రెండు నిమిషాల నలభై చూసి నిట్టూర్చి, వేగం రెండింతలు చేసి నొక్కింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే గొంతు చెవిలోకే వస్తుంది. బల్ల మీద పెట్టి నొక్కితే ఇంటిల్లిపాదికీ వస్తుంది. ఆమె బల్ల మీద పెట్టింది. రెండింతల వేగంతో మా తమ్ముడు హారన్ల మధ్య గుక్కతిప్పుకోకుండా అరుస్తుంటే, వాళ్ల నాన్నగారు పెరుగన్నం కలపడం ఆపి, “ఎవరమ్మా, మెకానిక్కా? బండి ఇవ్వలేదని తిడుతున్నాడా?” అన్నారట. వాళ్లమ్మగారు చివరిదాకా విని, “పాపం, ఆ అబ్బాయి ఏదో ఏడుస్తున్నాడే” అన్నారట.

అయితే ఆ గోలలో, రెండో నిమిషం దగ్గర ఎక్కడో, “నేను ప్రూఫ్ రీడర్ని, చుక్క పెట్టకపోతే నా చెయ్యి ఆగదు” అన్న వాక్యం ఒకటి ఉంది. ఆ అమ్మాయి అది విని, మా అమ్మాయి చేసినట్టే పాత మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ పోయింది. “నీ ఫోటో చాలా బాగుంది.” దాకా వెళ్లి ఆగింది.

రాత్రి పదింటికి ఆమె దగ్గర నుంచి వాయిస్ నోట్ వచ్చింది. తొమ్మిది సెకన్లు. అందులో ఐదు సెకన్లు నవ్వే. మిగతా నాలుగింటిలో, “నువ్వు చుక్కలు పెట్టుకో, నేను ఏమీ అనుకోను. ఆదివారం వస్తున్నావా లేదా?” అంది. “నువ్వు” వినగానే మావాడు సోఫా మీంచి లేచి నిలబడ్డాడు.

జవాబు రాసేముందు మా అమ్మాయి పక్కన కూర్చుని కాపలా కాసింది. ఒంటిమాట వద్దంది. ఎన్నింటికో, ఎక్కడో కలిపి రాయమంది. “ఎదుటివాళ్లు చెప్పినదానికి ఒక్క ముక్క నువ్వుగా జోడించావంటే, ఏ బొమ్మా పెట్టకపోయినా కోపం లేదని తెలుస్తుంది మామయ్యా” అంది. వాడు “వస్తున్నాను, ఐదింటికి ట్యాంక్‌బండ్ మీద కలుద్దాం, వేడివేడి మొక్కజొన్న పొత్తులు నా ఖర్చు” అని రాసి, చివర చుక్క పెట్టబోయాడు. ఆమె వద్దనకపోయినా మా అమ్మాయి వాడి బొటనవేలు పట్టుకుని లాగేసి, తనే పంపేసింది.

నీలం గీతలు వెంటనే పడ్డాయి. టైప్ చేస్తున్నట్టు చూపించి ఆగింది. మళ్లీ చూపించింది. అప్పుడు వచ్చాయి, మామూలుగా ముక్కలు ముక్కలుగా:

“చుక్క ఏది”
“ఒంట్లో బాగానే ఉందా”
“కోపం వచ్చిందా 🥺”