సవరణ: ఉప్పబడ్డ బోరును లోతుకు దింపమన్నది తప్పు

“మీరు చెప్పినట్టే బోరు ఇంకో నలభై అడుగులు దింపించాం. నీళ్లు ముందుకన్నా ఉప్పగా వస్తున్నాయి, ఎందుకండీ?”

పొరపాటు నాదే. ఆ సలహా మెట్ట ప్రాంతానికి నప్పుతుంది, బాపట్ల, చీరాల వైపు తీరపు ఇసుక నేలలకు కాదు. అక్కడ మంచినీరు, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భ నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైనుంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలుస్తుంది. అంటే మట్టం మీటరున్నర ఉంటే 60 మీటర్లు. తోడితోడి అది అర మీటరుకు పడితే, మిగిలేది 20 మీటర్లే. మీ బోరు 30 మీటర్లుంటే అడుగుభాగం ఉప్పునీటిలో ఉన్నట్టే. ఇది రాత్రికి రాత్రి జరగదు, అందుకే మోసపోతాం. పైగా మోటారు ఆగకుండా ఆడితే సరిగ్గా బోరు కిందే ఉప్పునీరు గోపురంలా పైకి లేస్తుంది.

గుర్తుపట్టడం తేలిక: మోటారు వేయగానే ఒక చెంబు, రెండు గంటలయ్యాక మరో చెంబు పట్టి రుచి చూడండి. రెండోది ఉప్పెక్కితే కిందనుంచి లాగుతున్నట్టే. ఆ బోరుకు విశ్రాంతినిచ్చి, పాతకాలపు దొరువులా పైపొర నీటినే కొద్దికొద్దిగా తోడుకోండి.